సార్ రిటైర్మెంట్ సభలో నేను మాట్లాడాలి, ఈ స్పీచ్ కాస్త చూసి చెప్పండి

నల్లబల్ల · డిసెంబర్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది నల్గొండ వైపు జడ్పీ హైస్కూల్, నేను సోషల్ చెప్తాను. మా లెక్కల సారు ఈ 31న రిటైర్ అవుతున్నారు. పుట్టిన తేదీ 1965 జనవరి 1, 1989 డీఎస్సీలో వచ్చారు. సారుతో రెండు బళ్ళలో కలిసి చేశా, మొదటి ఊళ్ళో 2003 నుంచి 2009 దాకా, మళ్ళీ 2018 బదిలీల్లో ఇద్దరం ఇక్కడికే పడ్డాం. అంటే 13 ఏళ్ళు. అందుకే స్టాఫ్ తరఫున నన్ను మాట్లాడమన్నారు. క్లాసులో గంటసేపు మాట్లాడతా కానీ మైకు పట్టుకుంటే చేతులు వణుకుతయి. నిన్న కూర్చొని రాసింది ఇది, మొదటి పేజీ మాత్రమే పెడుతున్నా, మొత్తం ఐదు పేజీలు ఉంది:

"సభాధ్యక్షులు గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, ముఖ్య అతిథి మండల విద్యాధికారి గారికి, గౌరవ సర్పంచ్ గారికి, విద్యా కమిటీ చైర్మన్ గారికి, వివిధ సంఘాల నాయకులకు, పాత్రికేయ మిత్రులకు, నా తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్సుమాంజలులు. ఉద్యోగికి పదవీ విరమణ సహజం. కొవ్వొత్తిలా తాను కరిగిపోతూ వెలుగునిచ్చే వారే గురువు. సార్ గారు క్రమశిక్షణకు మారుపేరు, నిరాడంబరుడు, మృదుస్వభావి, సమయపాలనకు నిలువుటద్దం. వారి శేష జీవితం ఆయురారోగ్యాలతో..."

చదివితే నాకే ఎవరి గురించో అనిపిస్తుంది. ఏం చేయాలి?

---

కొత్త_టీచర్_కరీంనగర్ · రాత్రి 9:58

మేడమ్ ఒక డౌట్. జనవరి 1న పుడితే జనవరి 31న కదా రిటైర్ అయ్యేది? 61 నిండిన నెల ఆఖరి రోజు అని మాకు చెప్పారు. సభ డేట్ ఒకసారి చూసుకోండి, ఫ్లెక్సీ కూడా ప్రింట్ అయి ఉంటే కష్టం.

---

రిటైర్డ్_హెచ్చెమ్ · రాత్రి 10:15

తమ్ముడూ, నువ్వు చెప్పింది మిగతా తేదీలకి కరెక్టే. ఒకటో తారీఖున పుట్టినోళ్ళకి మాత్రం అంతకుముందు నెల ఆఖరి రోజే. 2026 జనవరి 1కి 61 వస్తాయి కానీ, వయసు నిండడం డిసెంబర్ 31తోనే నిండినట్టు లెక్క. నా బ్యాచ్‌లో ఇద్దరు ఇట్లాగే ఒక నెల జీతం పోయిందని బాధపడ్డారు. మేడమ్ చెప్పిన తేదీ కరెక్టు.

ఇక స్పీచ్ సంగతి. నేను సర్వీసులో ఉన్నప్పుడూ, దిగినాకా కలిపి ఒక అరవై డెబ్బై సభలు చూసి ఉంటా, నాదీ కలిపి. అమ్మా, నువ్వు రాసిన ఆ సంబోధనల లిస్టు నెమ్మదిగా చదివితే అర నిమిషం పడుతుంది, అదే లిస్టు నీకంటే ముందు మాట్లాడిన పది మందీ చదివి ఉంటారు. "వేదిక మీదున్న పెద్దలకి, కింద కూర్చున్న మా పిల్లలకి నమస్కారం" అను, చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. సారు పక్కన వాళ్ళ మేడమ్ గారిని కూడా కూర్చోబెడతారు కదా, ఆమెను మాత్రం పేరు పెట్టి విడిగా పలకరించు, ఎందుకంటే అంతసేపు దండ మెడలో వేసుకొని కూర్చున్న ఆమెతో ఒక్కరూ ఒక్క మాట మాట్లాడరు.

క్రమశిక్షణ, నిరాడంబరుడు అన్నీ ఎంఈఓ చెప్తాడు, సర్పంచ్ చెప్తాడు, ఆ సారును ఎన్నడూ చూడని జిల్లా నాయకుడు కూడా అవే చెప్తాడు. స్టాఫ్ రూంలో కూర్చున్నదానివి నువ్వు, వాళ్ళకి తెలియనిది నీకేం తెలుసో అది చెప్పాలి. అట్లాంటివి ఏమన్నా ఉంటే ఇక్కడ రాయి ముందు, స్పీచ్ లాగా కాదు, మామూలుగా చెప్పు.

"శేష జీవితం" మాత్రం తీసేయ్, దండం పెడతా. నా సభలో ఏడుగురు అన్నారు, లెక్కపెట్టా. మిగిలిన ఆ కొంచెం జీవితం అన్నట్టు వినపడుద్ది ఆ కుర్చీలో కూర్చున్నోడికి.

---

పద్యప్రియ · రాత్రి 10:31

హెచ్చెమ్ గారూ, అలా అన్నీ తీసేస్తే సభకి నిండుదనం ఏముంటుందండీ. సన్మాన పత్రం ఫ్రేం కట్టించి అందులో ఒక సీసపద్యం, కింద తేటగీతి, అది రాగయుక్తంగా చదివితే సభ మొత్తం చప్పట్లు కొడుతుంది. మేడమ్ కావాలంటే సార్ పేరు, సబ్జెక్టు చెప్పండి, రాసిస్తా.

---

రిటైర్డ్_హెచ్చెమ్ · రాత్రి 10:44

పత్రం వేరు, ఈమె మాట్లాడేది వేరు. పత్రం తెలుగు పండిట్ గారు చదువుతారు, అది ఇంట్లో గోడకి తగిలించుకునేది, అందులో పద్యం ఉంటే అందమే. ఈమె పద్యం చదివితే ఈమె మాట పోతుంది.

---

అట్లాంటా_సుజన · డిసెంబర్ 15, ఉదయం 6:20

హాయ్, సేమ్ ప్రాబ్లం నాకూ. మా అమ్మ ఆంధ్రాలో టీచర్, తను కూడా రిటైర్ అవ్వబోతోంది, నేను వెళ్ళలేను, వీడియో మెసేజ్ పంపుదామని. పిల్లలతో ఇంగ్లీష్‌లో చెప్పించాలా తెలుగులోనా? ఎంతసేపు ఉండాలి? బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఏది బాగుంటుంది?

---

లెక్కలోడు · ఉదయం 7:05

సుజన గారు, ఇది కూతురి మెసేజ్ కాదండి, కొలీగ్ స్పీచ్. మీరు వేరే పోస్ట్ పెట్టండి, లేకపోతే రెండూ కలగాపులగం అవుతాయి. (తెలుగులోనే చెప్పించండి, వచ్చీరాని తెలుగైనా మీ అమ్మగారికి అదే నచ్చుతుంది. మ్యూజిక్ వద్దు, ఊళ్ళో ఆ సౌండ్ బాక్సుల్లో మాట కూడా వినపడదు.)

---

నల్లబల్ల · డిసెంబర్ 15, రాత్రి 9:12

హెచ్చెమ్ సార్ అడిగారు కాబట్టి రాస్తున్నా, స్కూల్ నుంచి వచ్చినప్పటి నుంచి ఇదే ఆలోచన.

ఒకటి, పత్తి. మొదటి ఊళ్ళో నవంబర్ వచ్చిందంటే పదో తరగతి సగం ఖాళీ, పిల్లలంతా పత్తి ఏరనీకి పోయేవాళ్ళు. వద్దంటే ఇంట్ల గడవదు. సారు వాళ్ళను తిట్టకుండా సాయంత్రం ఆరున్నరకి క్లాసు పెట్టారు, జుట్టు నిండా పత్తి పీచు అట్లనే వచ్చి కూర్చునేవాళ్ళు. నేనూ సోషల్ చెప్పడానికి ఉండేదాన్ని కాబట్టి చూశా. 2005లో అనుకుంటా, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఇంటి లెక్కే తెచ్చింది. వాళ్ళమ్మ వారంలో ఆరు రోజులు ఏరింది 31, 28, 34, 30, 27, 33 కిలోలు, కిలోకి 2 రూపాయలు, మేస్త్రి ఇచ్చింది 340. సారు బోర్డు మీద పిల్లతోనే కూడించారు, 183 కిలోలు, 366 రావాలి. 26 తక్కువ. సారు మేస్త్రిని ఏమీ అనలేదు, ఆ అమ్మకి చెప్పింది ఒక్కటే, రోజూ తూకం అయినాక ఇంటి గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోమని. సుద్దముక్కలు కూడా బడివే ఇచ్చి పంపారు. తర్వాత ఆ వాడకట్టులో చాలా గోడల మీద అంకెలు కనపడేవి.

రెండు, జెండా కర్ర. త్రికోణమితి మొదలుపెట్టే రోజు బయటికి తీసుకెళ్ళేవారు. డిసెంబర్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి కర్ర ఎంతో నీడ అంతే ఉంటది, అప్పుడు కోణం 45 డిగ్రీలు, ఎక్కకుండానే ఎత్తు తెలిసిపాయె అనేవారు. మా జెండా కర్ర 20 అడుగులు.

మూడోది చెప్పాలా వద్దా తెలియట్లేదు. మేమిద్దరం కొన్ని నెలలు మాట్లాడుకోలేదు. కారణం వింటే నవ్వుతారు, డిసెంబర్ వచ్చిందంటే నా సోషల్ పీరియడ్లు సారు తీసుకునేవారు, పిల్లలు లెక్కల్లోనే పోతారని. నేను కొత్త, ఏం అనలేకపోయేదాన్ని. 2006 రిజల్ట్స్‌లో అందరూ లెక్కలు పాస్, ఇద్దరు సోషల్‌లో పోయారు, 31 ఒకరికి 33 ఒకరికి. స్టాఫ్ రూంలో అందరి ముందు గట్టిగా అనేశా. ఇంక అంతే. డిసెంబర్ దాకా మాటల్లేవు. ఆ డిసెంబర్‌లో స్పెషల్ క్లాసుల టైం టేబుల్ సారే వేశారు, అందులో తన పీరియడ్లు రెండు కొట్టేసి పైన సోషల్ అని రాసి, కింద సంతకం పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా టేబుల్ మీద పెట్టి పోయారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

---

లెక్కలోడు · రాత్రి 9:47

మేడమ్, టైం టేబుల్ సంగతి తర్వాత, ముందు ఆ జెండా కర్ర సరిచేయండి, సభలో కూర్చునేది లెక్కల సారు!

డిసెంబర్ చివర్లో మీ నల్గొండలో పన్నెండు దాటాక ఒక పావుగంటకి సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తుకి వస్తాడు, అప్పుడు కూడా దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, 45 కాదు. 20 అడుగుల కర్రకి నీడ 17 అడుగులే పడుతుంది. కర్రా నీడా సమానం అయ్యేది పొద్దున 11కి కాస్త ముందు, మళ్ళీ మధ్యాహ్నం ఒకటిన్నర దాటి ఓ పది నిమిషాలకి. సారు పిల్లల్ని తీసుకెళ్ళింది బహుశా పొద్దున పీరియడ్‌కి అయ్యుంటుంది, మీకు పన్నెండు అని గుర్తుండిపోయింది.

---

నల్లబల్ల · రాత్రి 9:55

అయ్యో. అవును, ఇంటర్వెల్ బెల్లు కంటే ముందే లోపలికి వచ్చేవాళ్ళు పిల్లలు. సోషల్ టీచర్‌ని, డేట్లు తప్ప టైములు గుర్తుండవు.

---

గుంటూరు_శీను · రాత్రి 10:20

మేడమ్ గారూ, పత్తి కథ బ్రహ్మాండం అండీ. కానీ ఒక్క మాట, మా నాన్నగారి సభలో ఏం జరిగిందో చెప్తా. ఆయనకి బాగా దగ్గరి ఫ్రెండ్, ప్రేమతోనే, మైకు తీసుకొని "ఈ మహానుభావుడు ఫలానా కుర్రాడికి పది ఫీజు కట్టాడు, ఇంటర్ ఫీజు కట్టాడు" అని పేరుతో సహా చెప్పేశాడు. ఆ కుర్రాడు ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు, భార్యాపిల్లలతో మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత మా ఇంటికి రావడం తగ్గించేశాడండీ. మా నాన్న ఆ ఫ్రెండుతో ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మీ పత్తి పిల్ల సభకి వస్తుందా? ఆ మేస్త్రి గాని వాళ్ళ వాళ్ళు గాని వస్తారా?

---

నల్లబల్ల · రాత్రి 10:41

పాత ఊరి నుంచి ఒక టాటా ఏస్ నిండా వస్తున్నారంట. మేస్త్రి లేడు ఇప్పుడు, కొడుకు ఉన్నాడు, అతను కూడా సారు స్టూడెంటే. ఇది నేను ఆలోచించనే లేదు.

---

రిటైర్డ్_హెచ్చెమ్ · డిసెంబర్ 16, ఉదయం 5:50

శీను చెప్పింది చాలా పెద్ద మాట. నేను చూసిన సభల్లో చెడిపోయినవి అన్నీ ఇట్లాంటి చోటే చెడ్డయి. అప్పు చేశాడని చెప్పడం, ఆపరేషన్ అయినా బడికొచ్చాడని చెప్పడం, ప్రమోషన్ రావాల్సింది వేరేవాళ్ళకి పోయిందని చెప్పడం. చెప్పేవాడు పొగుడుతున్నా అనుకుంటాడు, ఇంటోళ్ళు తల దించుకుంటారు.

కానీ కథ మొత్తం తీసెయ్యకు. మేస్త్రి అనే మాట తీసేయ్. "రావాల్సిన దానికంటే 26 రూపాయలు తక్కువ వచ్చినయి" అను, ఎవరిచ్చారో అక్కర్లేదు, తూకంలో పొరపాటు అనుకుంటారు. పిల్లను "మా స్టూడెంట్ ఒకామె" అను. ఆమె నంబర్ దొరికితే ఒకసారి ఫోన్ చేసి అడుగు, ఇంకా మంచిది. గోడ మీద అంకెలు మాత్రం వదలకు, ఆ ఊరోళ్ళందరికీ కళ్ళ ముందు కనపడతది.

టైం టేబుల్ సంగతి నా లెక్క ప్రకారం చెప్పు. 31, 33 మార్కులు చెప్పొద్దు, ఫెయిల్ అనొద్దు, ఆ ఇద్దరూ రావొచ్చు. పీరియడ్ల కోసం కొట్లాడుకున్నాం అంటే ప్రతి టీచరూ నవ్వుతాడు, ప్రతి బళ్ళో ఉన్నదే. తర్వాత కాగితం తీసి చూపించు.

---

పద్యప్రియ · ఉదయం 8:10

నేను ఒప్పుకోను. శుభమా అని సన్మానం చేస్తూ గొడవ ఎందుకు ఎత్తాలి? సారుకి ఆ విషయం గుర్తు కూడా ఉండకపోవచ్చు, వాళ్ళ పిల్లలు అల్లుడు ముందు మా నాన్న పీరియడ్లు లాక్కునేవాడా అనుకుంటారు. ఆ కాగితం ఇంటికి వెళ్ళి చేతికివ్వండి, అది మీ ఇద్దరి మధ్యది.

---

కొత్త_టీచర్_కరీంనగర్ · ఉదయం 8:25

నాకైతే అదే బెస్ట్ పార్ట్ అనిపించింది. మా స్కూల్లో లెక్కల సారు ఇప్పుడు నా బయాలజీ పీరియడ్లు తీసుకుంటున్నారు, ఈ థ్రెడ్ లింక్ ఆయనకి పంపనా అని ఆలోచిస్తున్నా 😀

---

నల్లబల్ల · డిసెంబర్ 21, రాత్రి 8:30

ఆమె నంబర్ దొరికింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటుంది. చెప్పొచ్చా అంటే "మేడమ్ మా అమ్మ ఆ గోడకి సున్నం వేయనియ్యలేదు చాలా రోజులు" అన్నది. పేరు చెప్పొద్దు అన్నది.

ఐదు పేజీలు చింపేశాను. ఫోన్లో రికార్డ్ చేసి చూసుకుంటే నేను నిమిషానికి వంద పదాల లోపే మాట్లాడుతున్నా, నాలుగు నిమిషాలంటే చేతిరాతలో రెండు పేజీలు దాటొద్దు. ఇప్పుడు ఇట్లా ఉంది:

"వేదిక మీదున్న పెద్దలకి, ఎండలో కూర్చున్న మా పిల్లలకి నమస్కారం. సార్ పక్కన కూర్చున్న మేడమ్ గారికి విడిగా నమస్కారం, ఎందుకంటే సారు సాయంత్రం క్లాసులు అయ్యేసరికి రాత్రి తొమ్మిదయ్యేది, ఆ అన్నం వేడి చేసింది మీరు.

నేను సార్ స్టూడెంట్‌ని కాదు కానీ సార్ లెక్కల క్లాసులు ఆరేళ్ళు వరండాలో కూర్చొని విన్నా, నా క్లాసు ఎప్పుడు మొదలవుద్దా అని ఎదురుచూస్తూ. ఒక పత్తి కాలంలో మా స్టూడెంట్ ఒకామె వాళ్ళమ్మ వారం కూలి లెక్క తెచ్చింది. ఆరు రోజులు, 183 కిలోలు. 366 రావాలి, 26 తక్కువ వచ్చినయి. సార్ ఎవరినీ ఏమీ అనలేదు. రోజూ గోడ మీద రాసిపెట్టుకోమని రెండు సుద్దముక్కలు ఇచ్చారు. తర్వాత నేను ఆ వాడకట్టుకి సర్వేకి పోతే ప్రతి ఇంటి గోడ మీదా కూడికలే.

ఈ జెండా కర్ర ఎత్తు మా పిల్లలందరికీ తెలుసు, ఒక్కరూ ఎక్కలేదు. డిసెంబర్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక నీడ కొలిస్తే చాలు, అదే కర్ర పొడవు. నేను ఇన్నేళ్ళూ పన్నెండింటికి అనుకున్నా సార్, ఈ మధ్యే దిద్దుకున్నా.

ఇంకొక్కటి. సార్‌కీ నాకూ పీరియడ్ల దగ్గర గొడవైంది, ఏడు నెలలు మాట్లాడుకోలేదు. తర్వాత ఒకరోజు నా టేబుల్ మీద ఈ కాగితం ఉంది. ఇందులో రెండు చోట్ల లెక్కలు కొట్టేసి సోషల్ అని సార్ చేతిరాత. నేను అప్పుడు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా."

చివరి ముక్క ఉంచాలా తీయాలా ఇంకా తేల్చుకోలేదు. స్టేజి ఎక్కినాక చూస్తా.

---

రిటైర్డ్_హెచ్చెమ్ · డిసెంబర్ 21, రాత్రి 9:15

బాగుంది. "ఎండలో కూర్చున్న" అన్నావు, టెంటు వేస్తే ఆ మాట మార్చు. ఇంకోటి, యాంకరింగ్ చేసే పండిట్ గారితో ముందే మాట్లాడి ఎంఈఓ కంటే ముందు నీ పేరు పిలిపించుకో. కొలీగ్‌ని ఎప్పుడూ చివరికి నెడతారు, అప్పటికి వెనకాల వంటోళ్ళు గిన్నెలు దించుతుంటారు, బిర్యానీ వాసన వస్తుంటే నువ్వు ఏం చెప్పినా ఎక్కదు.

---

నల్లబల్ల · జనవరి 1, ఉదయం 10:05

హ్యాపీ న్యూ ఇయర్ అందరికీ. అయిపోయింది సభ.

హెచ్చెమ్ సార్ చెప్పినట్టే పండిట్ గారికి చెప్పా, సరే అన్నారు, అయినా చివరికే పడ్డా. పదకొండుకి అన్న సభ పన్నెండున్నరకి మొదలైంది, నా పేరు పిలిచేసరికి 2:40. పిల్లలు సగం మంది బంతిలో కూర్చున్నారు అప్పటికే. టెంటు ఉంది కాబట్టి ఎండ మాట తీసేశా. మేడమ్ గారికి నమస్కారం అనగానే ఆమె కళ్ళు తుడుచుకున్నారు, నాకు అక్కడే గొంతు పట్టేసింది, పేపర్ చూసి చదివా మిగతాది. పత్తి దగ్గర పాత ఊరోళ్ళు వెనకనుంచి "అవును అవును" అని కేకలు. ఆ మేస్త్రి కొడుకు కూడా చప్పట్లు కొట్టాడు, అతనికి అర్థమైందో లేదో తెలియదు.

జెండా కర్ర దగ్గర ఏమైందంటే సారు చివర్లో జవాబు చెప్పేటప్పుడు మైకు తీసుకొని మొదటి మాటే "మేడమ్ చెప్పింది ఒకటీ నలభైకి కరెక్టు, ఇప్పుడు మూడైంది, నీడ ముప్పై అడుగులుంటది, ఎవరన్నా పోయి కొలవండి" అన్నారు. అన్నం తింటున్న పిల్లలు చేతులు కడుక్కోకుండానే టేపు పట్టుకొని ఉరికారు. ముప్పై అడుగుల నాలుగు అంగుళాలు. ఎంఈఓ గారు కూడా లేచి పోయి చూశారు.

కాగితం గురించి చెప్పా. స్టాఫ్ అంతా నవ్వారు. సారు నవ్వలేదు, కిందికే చూస్తూ కూర్చున్నారు, తన స్పీచ్‌లో దాని గురించి ఒక్క మాటా అనలేదు. పోయేటప్పుడు కాగితం మాత్రం అడిగి తీసుకున్నారు, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. బాధపడ్డారో ఏమో నాకు తెలియట్లేదు.

---

లెక్కలోడు · ఉదయం 10:30

మూడింటికి సూర్యుడు 33 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటాడు, 20 అడుగులకి 30 దాటాలి. నోటి లెక్కతో చెప్పాడంటే ఆయనకి నమస్కారం.

---

పద్యప్రియ · ఉదయం 10:52

నేను ముందే చెప్పా, ఇంటికెళ్ళి ఇవ్వమని.

---

రిటైర్డ్_హెచ్చెమ్ · ఉదయం 11:20

అడిగి తీసుకున్నాడంటే ఊరికే తీసుకోడమ్మా. అయినా పండక్కి ఒకసారి ఇంటికి పోయి రా, సకినాలు తీసుకొని. ఈసారి సెలవులకి ఆయనకి పేపర్లు దిద్దే పని లేదు, ఇంట్లోనే ఉంటాడు.